నాలుగు జాముల పూజే జాగరణ

శివరాత్రి నాడు ఎందుకు మేలుకోవాలని అడిగితే మన ఇళ్లలో ముఖ్యంగా మూడు జవాబులు వినిపిస్తాయి. హాలాహలం మింగిన శివుడు నిద్రపోతే ప్రమాదమని దేవతలు రాత్రంతా ఆడి పాడి ఆయన్ని మేలుకొల్పారని ఒకటి. బ్రహ్మకూ విష్ణువుకూ వచ్చిన వాదు తీర్చడానికి శివుడు ఆ అర్ధరాత్రి అగ్నిస్తంభమై వెలిశాడని రెండోది. మారేడు చెట్టెక్కి తెల్లవార్లూ కూర్చున్న బోయవాడికి శివానుగ్రహం కలిగిందని మూడోది. ఈ మధ్య వీటి పక్కన నాలుగోది కూడా చేరింది: ఆ రాత్రి గ్రహస్థితి వల్ల ఒంట్లో శక్తి పైకి ఎగుస్తుందని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే అది అందుతుందని. ఈ నాలుగింటిలో ఏది సరైనదని తేల్చుకునే ముందు, అసలు ఆ రాత్రి ఏ వేళకు ఏం చేయాలని వ్రతవిధి చెబుతున్నదో చూడాలి. చూస్తే తేలేది ఇది: శివరాత్రికి విధించినది రాత్రి పూజ. ఆ పూజ పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా నాలుగు విడతలుగా సాగుతుంది. అది చేసేవాడికి నిద్రపోయే వ్యవధి ఉండదు. మెలకువ ఆ పూజ వెంట వచ్చేదే. పూజనూ జపాన్నీ తీసేసి మెలకువను ఒక్కదాన్నే మిగుల్చుకుంటే శివరాత్రి జాగరణలో అసలు భాగం పోయినట్టే.

మొదటి ఆధారం పంచాంగంలోనే ఉంది. మన పండుగల్లో చాలావాటికి సూర్యోదయానికి ఉన్న తిథే లెక్క. శివరాత్రికి ఆ లెక్క చెల్లదు. మాఘ బహుళ చతుర్దశి ఏ రాత్రి నిశీథంలో ఉంటుందో ఆ రోజే శివరాత్రి. రాత్రిని పదిహేను ముహూర్తాలుగా భాగిస్తే నడిమిది, అంటే ఎనిమిదోది, నిశీథం. 2026 సంవత్సరాన్నే తీసుకోండి. చతుర్దశి ఫిబ్రవరి 15 ఆదివారం సాయంత్రం 5 గంటలు దాటాక మొదలై, 16 సోమవారం సాయంత్రం 5:30 ప్రాంతంలో ముగుస్తుంది. ఆదివారం పగలంతా త్రయోదశి. సోమవారం సూర్యోదయానికి మాత్రం చతుర్దశి ఉంది, పగలు దాదాపు అంతా ఉంది. ఉదయతిథి పద్ధతిలో అయితే పండుగ సోమవారం రావాలి. అయినా పంచాంగకర్తలు ఆదివారమే శివరాత్రి అంటారు, ఎందుకంటే అర్ధరాత్రి చతుర్దశి దొరికేది ఆ రాత్రి ఒక్కటే. పగలు ఏ తిథి ఉందన్నది ఇక్కడ పక్కకు పోయింది. కమలాకర భట్టు నిర్ణయసింధువు, కాశీనాథ ఉపాధ్యాయుల ధర్మసింధువు వంటి నిర్ణయ గ్రంథాలు ప్రదోషవ్యాప్తి, నిశీథవ్యాప్తి అంటూ అంత సూక్ష్మంగా చర్చించడానికి కారణం కూడా ఇదే. పూజాకాలం రాత్రి కాబట్టి తిథి రాత్రికి ఉండాలి. వ్రతం సారమంతా ఉపవాసమే అయి ఉంటే నడిరేయి తిథి కోసం ఇంత పట్టుదల అవసరమయ్యేది కాదు.

ఇక ఆ రాత్రి పూజ ఎలా సాగుతుందో చూద్దాం. సూర్యాస్తమయం నుంచి మరునాటి సూర్యోదయం దాకా ఉన్న కాలాన్ని నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక జాము. హైదరాబాదులో మాఘం చివర రాత్రి సుమారు పన్నెండున్నర గంటలుంటుంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు పొద్దు 6:15కు గూకి, మర్నాడు 6:45కు పొడిచిందనుకుందాం. మొదటి జాము 9:22 దాకా, రెండోది 12:30 దాకా, మూడోది 3:37 దాకా, నాలుగోది తెల్లవారేదాకా. ముహూర్తం యాభై నిమిషాలు కాబట్టి నిశీథం 12:05 నుంచి 12:55 దాకా. అంటే లింగోద్భవకాలమని మనం పిలిచే వేళ సరిగ్గా రెండో జాము ముగిసి మూడోది మొదలయ్యే చోట పడుతుంది. మొదటి జాములో పాలతో, రెండోదానిలో పెరుగుతో, మూడోదానిలో నేతితో, నాలుగోదానిలో తేనెతో లింగానికి అభిషేకం చేస్తారు. ప్రతి జాముకూ శివుడి ఒక్కొక్క ముఖం పేరుతో నమస్కారం ఉంటుంది: ఈశాన, అఘోర, వామదేవ, సద్యోజాత. ద్రవ్యాలలో, క్రమంలో ప్రాంతాన్ని బట్టి, ఆలయం పాటించే పద్ధతిని బట్టి తేడాలుంటాయి. జాము జాముకూ కొత్తగా సంకల్పం, అభిషేకం, మారేడు దళాలతో అర్చన, నైవేద్యం, హారతి మాత్రం ఎక్కడైనా ఉన్నవే. ఒక విడత పూర్తయి సామగ్రి సర్దుకునేసరికి తర్వాతి విడత దగ్గరపడుతుంది. ఇంట్లో ఒక్కరే ఈ నాలుగు పూజలూ శ్రద్ధగా చేసుకుంటే ఆ రాత్రికి వేరే జాగరణ అక్కర్లేదు.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం బోయవాడి కథ నుంచే వస్తుంది, అది బలమైనది కూడా. అతనికి మంత్రం రాదు, చెట్టు కింద లింగం ఉన్నట్టే తెలియదు, వ్రతమన్న తలంపే లేదు. వేటాడి ఇంటిల్లిపాదికీ తిండి తేవాలన్నదే అతని ఆలోచన. అయినా ఫలం దక్కింది. కాబట్టి పూజతో పని లేదు, మెలకువ ఒక్కటే చాలునని కథ చెప్పడం లేదా? శివపురాణం కోటిరుద్ర సంహితలో ఈ కథను నిదానంగా చదివితే అలా అనిపించదు. అక్కడ ఆ బోయవాడి పేరు గురుద్రుహుడు. తాగడానికి నీళ్లు పట్టుకుని నీటి ఒడ్డున మారేడు చెట్టెక్కి జింక కోసం కాచుకున్నాడు. మొదటి జాములో ఒక ఆడజింక వచ్చింది. విల్లు ఎక్కుపెట్టే కదలికకు నీళ్లు కిందికి చిందాయి, నాలుగు మారేడాకులు రాలాయి. అవి లింగం మీద పడ్డాయి. ఆ జింక పిల్లలను అప్పగించి తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళ్లింది. రెండో జాములో దాని తోబుట్టువు వచ్చింది, మళ్లీ నీళ్లు, మళ్లీ ఆకులు. మూడో జాములో మగజింక వచ్చింది, మళ్లీ అదే జరిగింది. చివరికి మూడూ మాట నిలబెట్టుకుని పిల్లలతో సహా తిరిగి వచ్చినప్పుడు నాలుగోసారి నీళ్లూ ఆకులూ పడ్డాయి, బోయవాడి మనసు మారింది. కథకుడు ప్రతిచోటా ఇది ఫలానా జాము పూజ అయిందని గుర్తు చేస్తూనే ఉంటాడు. వేటగాడు ఏమీ తినలేదు కాబట్టి ఉపవాసమూ అయింది.

అంటే ఈ కథ పూజ లేని మెలకువను మెచ్చుకోవడం లేదు. నాలుగు జాముల అభిషేకాన్నీ బిల్వార్చననూ అడవిలో ఒక చెట్టు మీద, మంత్రం రాని మనిషి చేత చేయించి చూపిస్తున్నది. జింకలు జాముకొకటి చొప్పున రావడం కథ అల్లిక కోసం జరిగింది కాదు, విధిని అనుసరించి జరిగింది. ఒకే రాత్రి ఒకే జింక వచ్చి, బోయవాడు ఊరికే మేలుకుని ఉండి, తెల్లవారి కైలాసానికి వెళ్లినట్టు కథ ఉంటే ఆ అభ్యంతరం నిలిచేది. కథ సడలించింది ఒక్కదాన్నే, తెలిసి చేయడం అనే నియమాన్ని. అది చిన్న సడలింపు కాదు. శాస్త్రం రానివాడికి, కులంచేతా వృత్తిచేతా గుడికి దూరంగా ఉంచినవాడికి ఈ వ్రతం తలుపు తెరిచి ఉంచింది. శ్రీనాథుడు తెలుగులో శివరాత్రి మాహాత్మ్యం రాయడానికి ఎంచుకున్న నాయకుడు సుకుమారుడు కూడా పుణ్యాత్ముడు కాడు, కట్టుబాట్లన్నీ తెంచుకుని తిరిగినవాడు. అతని ప్రాణం కోసం యమభటులూ శివభటులూ తగువుపడేంత పాపం అతనిది. అలాంటివాడిని నిలబెట్టింది ఒక శివరాత్రి. జన్మానికో శివరాత్రి అన్న మాట మన నోళ్లలో నానడానికి ఇలాంటి కథలే పునాది వేశాయని నా నమ్మకం.

మిగిలిన రెండు కథల బలం సమానం కాదు. లింగోద్భవ కథకు వ్రతవిధితో నేరుగా ముడి ఉంది. మాఘ బహుళ చతుర్దశి నడిరేయి శివుడు కోటిసూర్యుల కాంతితో లింగరూపంలో వెలిశాడన్న ఈశాన సంహిత వచనాన్ని నిర్ణయ గ్రంథకారులు నిశీథవ్యాప్తికి ప్రమాణంగా చూపుతారు. ఆలయాలు ఆ వేళకే పెద్ద అభిషేకం చేస్తాయి. హాలాహలం కథ సంగతి వేరు. భాగవతం అష్టమ స్కంధంలో, పోతన తెలుగులోనూ, విషం మింగే ఘట్టం ఎంతో విస్తారంగా ఉంది. శివుడు నిద్రపోకుండా దేవతలు రాత్రంతా కాపలా ఉన్నారన్న మాట అక్కడ లేదు, శివరాత్రి ప్రస్తావన కూడా లేదు. దక్షిణాదిలో జనం చెప్పుకుంటూ వచ్చిన కథ అది. భక్తుడు దేవుణ్ణి కాచుకోవడమనే భావం అందులో అందంగా ఉంది, పిల్లలకు చెప్పడానికి బాగుంటుంది. కానీ జాగరణకు అదే మూలమని రాయడం సరికాదు. శక్తి పైకి ఎగుస్తుందన్న కొత్త వివరణకు వ్రతగ్రంథాల్లో ఆధారం లేదు, కొలిచి చూపిన లెక్కా లేదు. ఆ రాత్రి ఆకాశం గురించి నికరంగా చెప్పగలిగింది ఇంతే: అమావాస్యకు ముందు రాత్రి కాబట్టి చీకటి ఎక్కువ, తెల్లవారుజామున సన్నని చంద్రరేఖ మాత్రం తూర్పున పొడుస్తుంది. నమ్మకానికి విజ్ఞానం ముసుగు వేయడం వల్ల నమ్మకానికీ మేలు లేదు, విజ్ఞానానికీ మేలు లేదు.

ఇప్పుడు జపం సంగతి. ఆ రాత్రి శివాలయాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది నమకచమకాలు. కృష్ణయజుర్వేద తైత్తిరీయ సంహిత నాలుగో కాండలో ఐదో ప్రపాఠకం నమకం, ఏడోది చమకం. రెండింటికీ పదకొండేసి అనువాకాలు. నమకం పదకొండుసార్లు చదువుతూ, ఒక్కోసారి చివర చమకంలో ఒక్కో అనువాకం కలిపితే అది ఏకాదశ రుద్రం. ఒక్కరే చదివితే నిదానపు స్వరంలో నమకానికి ఇరవై నిమిషాల వంతున మూడున్నర గంటలు దాటుతుంది, అంటే ఒక జాము చాలదు. అందుకే పదకొండుమంది ఋత్విక్కులు కలిసి కూర్చుని ఒక్కసారి పఠిస్తే ఏకాదశ రుద్రం అయినట్టు లెక్కిస్తారు. దానికి ముందు మహాన్యాసం చేస్తే మరో గంట పడుతుంది. ఆ నమకం ఏమంటుందో తెలిస్తే బోయవాడి కథ మరింత అర్థమవుతుంది. మొదట రుద్రుడి కోపానికీ బాణానికీ నమస్కరించి శాంతించమంటుంది. తర్వాత వడ్రంగులకు, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకు, బాణాలు చేసేవారికి, వేటగాళ్లకు, వేటకుక్కలను పట్టుకుని నడిచేవారికి వరుసగా నమస్కారాలు చెబుతుంది. వాళ్లందరూ రుద్రుడి రూపాలే. అర్ధరాత్రి గర్భగుడిలో పండితులు నమస్కరించేవారి వరుసలో చెట్టు మీది వేటగాడూ ఉన్నాడు. కాళహస్తి తిన్నడినీ శివరాత్రి బోయవాడినీ శైవం ఎందుకు అంత గట్టిగా అక్కున చేర్చుకుందో ఈ వేదభాగం చదివితే ఆశ్చర్యం అనిపించదు.

చమకంలో ఇంకొక సంగతి ఉంది. అది కోరికల జాబితా. పాలు, నెయ్యి, తేనె, వడ్లు, యవలు, నువ్వులు, గోధుమలు, వాన, ఆయుష్షు ఇవన్నీ నాకు కలగాలని అడుగుతుంది. ఆ కోరికల నడుమ మూడో అనువాకం చివర హాయైన పడక, మంచి ఉదయం, మంచి రోజు కూడా ఉన్నాయి. రాత్రంతా కన్ను మూయకుండా కూర్చుని చదివే పాఠంలోనే సుఖనిద్ర కోరడం ఉందన్నమాట. శివరాత్రి నాడు కునుకు పడితే పాపమని పెద్దవాళ్లను, జబ్బుతో ఉన్నవాళ్లను, గర్భిణులను భయపెట్టేవారు దీన్ని గమనించాలి. నిద్ర ఇక్కడ శత్రువు కాదు. ఆ ఒక్క రాత్రి దాని కాలాన్ని పూజకు ఇచ్చాం, అంతే. తెల్లవార్లూ ఉండలేనివారు లింగోద్భవకాలపు పూజ దాకా ఉండి పడుకోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

రుద్రం చదవడానికి స్వరం కావాలి, గురువు దగ్గర నేర్చుకోవాలి. అధికారం ఎవరికన్న పాత వివాదమూ ఉంది. మరి మిగిలినవారికి ఏమిటి? జవాబు నమకం మధ్యలోనే ఉంది. ఎనిమిదో అనువాకంలో వచ్చే నమః శివాయ అన్న ఐదక్షరాలే పంచాక్షరి. ముందు ఓంకారం చేర్చి జపించేవారున్నారు, చేర్చకుండా జపించే సంప్రదాయమూ ఉంది. ఆ రాత్రి కోట్లమంది నోట పలికేది ఇదే. దీనికి తోడు శివ అష్టోత్తరం చెబుతూ నూట ఎనిమిది మారేడు దళాలు వేయడం, లింగాష్టకం, బిల్వాష్టకం, పంచాక్షరీ స్తోత్రం చదవడం తెలుగిళ్లలో వాడుక. ఏది ఎంచుకున్నా ఒక సలహా ఉంది. రాత్రంతా ఒకే వేగంతో జపం చేయబోతే రెండో జాము చివరికి గొంతు పోతుంది, మూడో జాములో నోరు పలుకుతుంటే మనసు నిద్రపోతుంది. జపసంఖ్య వేళ్ల మీద తప్పుతుండటం దానికి మొదటి గుర్తు. పూజ తర్వాత కాసేపు జపం, కాసేపు కథ వినడం, కాసేపు భజన, మళ్లీ పూజ అన్న వరుస పెద్దలు ఊరికే పెట్టలేదు. మూడో జాము దాటించేది ఆ మార్పే.

సంస్కృత మంత్రాలు తప్ప మిగతావి జాగరణలో జపం కిందికి రావనే వాదన కూడా వినిపిస్తుంది. తెలుగు శైవ చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైలానికి చేరిన శివరాత్రి యాత్రికుల గురించి చెబుతూ వాళ్లు పాడుకునే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అని పేర్లు పెట్టి చెప్పాడు. పదమూడో శతాబ్దం నాటికే తెలుగువాడి శివరాత్రి తెలుగు పాటతో గడిచేదన్నమాట. ఈనాటికీ శ్రీశైలంలో ఆ రాత్రి ఒకవైపు లింగోద్భవకాల రుద్రాభిషేకం నడుస్తుంటే, మరోవైపు పాగాలంకరణ జరుగుతుంది. ఏడాది పొడవునా నేసిన వస్త్రాన్ని నేతకారుడు దీపాలన్నీ ఆర్పిన చీకట్లో దిగంబరుడై విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా చుడతాడు. మల్లన్నకు పెళ్లికొడుకు తలపాగా అది. దాని తర్వాతే భ్రమరాంబామల్లికార్జునుల కల్యాణం. ఆ నేతకారుడి పని కూడా పూజే. మెలకువకు పని కల్పించడంలో శ్రీశైలం చూపిన దారి ఇది: చదువుకున్నవాడికి రుద్రం, పాడేవాడికి పదం, నేసేవాడికి పాగా.

చివరి అభ్యంతరం ఈ కాలానిది. శివరాత్రి పేరుతో సినిమా హాళ్లు అర్ధరాత్రి ఆటలు వేస్తాయి, ఇళ్లలో పేకాట, టీవీ తెల్లవార్లూ నడుస్తాయి. తెలియక మేలుకున్న బోయవాడికి ఫలం వస్తే, తెలిసి మేలుకుని సినిమా చూసినవాడికి ఎందుకు రాదని అడుగుతారు. పైన చూసిన కథలోనే దీనికి సమాధానం ఉంది. బోయవాడి నీళ్లూ ఆకులూ లింగం మీదే పడ్డాయి, ఆకలితో ఉన్నవాడు చేతికి చిక్కిన జింకలను వదిలిపెట్టాడు. సినిమా చూడటం తప్పని నేననను. అది జాగరణ కాదంటాను. ఉపవాసం, పూజ, జాగరణ మూడూ కలిస్తేనే వ్రతమని నిర్ణయకారులు తేల్చారు. మూడోదాన్ని విడదీసి అమ్ముకుంటే మిగిలేది నిద్రలేమి మాత్రమే. ఆ నిద్రలేమికి ప్రమాదాలూ ఉన్నాయి. రాత్రంతా మేలుకుని తెల్లవారగానే ఘాట్ రోడ్డు మీద కారు నడపడం అన్నిటికన్నా పెద్దది. పారణ చేసి కాసేపు పడుకుని బయలుదేరినంత మాత్రాన వ్రతానికి లోటేమీ రాదు. పారణ కోసం తిథి ముగిసేదాకా ఆగాలనేవారికి ఒక మాట. పగటి మూడు జాములు దాటి చతుర్దశి సాగే 2026 లాంటి ఏడాదిలో ధర్మసింధువు ప్రకారం మరునాటి ఉదయమే పారణ చేయవచ్చు.

ఆలయ నిర్వాహకులను ఒకటి కోరుతున్నాను. శివరాత్రి నాడు గుడి ముందు ప్రత్యేక దర్శనం టికెట్ల ధరలు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. వాటి పక్కనే ఆ ఊరి సూర్యాస్తమయాన్ని బట్టి నాలుగు జాముల వేళలు, ఏ జాముకు ఏ అభిషేకం, ఏ నామం, నిశీథం ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న నాలుగు వరుసలు కూడా రాసి పెట్టండి. క్యూలో నిలబడ్డవాళ్లు ఆ వేళకు ఆ నామం చెప్పుకుంటారు. దానికి ఖర్చేమీ లేదు.